భీమవరం ల్యాబ్‌కి ‘తేట’ పేరు ఎందుకు మానుకున్నాం

పేర్లు పెట్టడం నా వృత్తి. విజయవాడలో చిన్న ఆఫీసు. బట్టల కొట్లకీ, స్వీటు షాపులకీ, ఆసుపత్రులకీ పేర్లు కట్టి, బోర్డూ లెటర్‌హెడ్డూ తయారుచేసి ఇస్తుంటాం. రెండేళ్ల కిందట భీమవరం నుంచి ఒక డాక్టరమ్మ వచ్చారు. పాథాలజీలో ఎండీ. హైదరాబాద్‌లో ఒక పెద్ద ల్యాబ్‌లో చాలాకాలం పనిచేసి, అత్తవారి ఊళ్లో సొంత ల్యాబ్ పెట్టుకుంటున్నారు. ఆవిడ అడిగింది ఒక్క మాటలో చెప్పేశారు: “పేరు చూస్తే రిపోర్టు మీద నమ్మకం కలగాలండి. కానీ లోపలికి రావాలంటే కాళ్లు వణక్కూడదు.”

వినడానికి ఒకటే కోరికలా ఉన్నా ఇవి రెండు కోరికలు, పైగా ఒకదాన్నొకటి వెనక్కి లాగుతాయి. కచ్చితత్వం చెప్పే మాటలన్నీ కాస్త బిగుసుకుని ఉంటాయి. ధైర్యం చెప్పే మాటలన్నీ కాస్త తేలిగ్గా ఉంటాయి.

ఇంట్లో అందరూ కలిసి రాసిన పదకొండు పేర్ల జాబితా ఆవిడ వెంట తెచ్చారు. మొదటిది మావగారు పెట్టమన్నది, వెంకటేశ్వరస్వామి పేరు. దేవుడి పేరు ఎవర్నీ భయపెట్టదు, అది నిజమే. అయితే ఆ వీధిలోనే ‘శ్రీ’తో మొదలయ్యే ల్యాబులు మూడున్నాయి. ఒక ల్యాబ్‌లో రక్తం ఇచ్చి ఇంకో ల్యాబ్‌కి వెళ్లి “మా రిపోర్టు ఏదండీ” అని అడిగేవాళ్లు రోజూ ఉంటారని ఆవిడే చెప్పారు. కొట్టు పేరైతే ఆ పొరపాటు వల్ల పోయేది బేరం. ల్యాబ్ పేరైతే రిపోర్టు ఆలస్యమవుతుంది, ఒక్కోసారి ఒకరి కాగితం ఇంకొకరి చేతిలో పడుతుంది. మావగారికి ఈ మాట చెబితే ఆయన మారుమాట్లాడకుండా ఒప్పుకున్నారు. గుమ్మం పైన స్వామి పటం పెడదాం అన్నారు, పెట్టారు కూడా.

మిగతా పదింటిలో సగం భయం దగ్గరే పోయాయి. ‘రోగ నిర్ధారణ కేంద్రం’ నిఘంటువు ప్రకారం ఏ తప్పూ లేని పేరు. కానీ ‘రోగం’ ఉందని ముందే తేల్చేసి పిలుస్తున్నట్టుంటుంది. పైగా మన ఊళ్లలో నిర్ధారణ అన్న మాటని జనం చదివేది స్కానింగ్ సెంటర్ల గోడల మీద, ‘ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు’ అన్న బోర్డులో. ‘పరీక్షా కేంద్రం’ అంటే పదో తరగతి పిల్లలు హాల్‌టికెట్‌తో వచ్చేలా ఉంటుంది. ‘పాథ్’ అని ముందు తగిలించిన పేర్లు రెండున్నాయి. డాక్టర్లకి అది పాథాలజీ, మామూలు తెలుగు చెవికి ‘పాత ల్యాబ్’. వాళ్లబ్బాయి, ఇంజినీరింగ్ చదువుతున్నాడు, ‘పాజిటివ్ డయాగ్నోస్టిక్స్’ అని రాశాడు. అతను అనుకున్నది సానుకూల దృక్పథం. ల్యాబ్‌లో పాజిటివ్ అంటే ఏమిటో కరోనా తర్వాత ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆ పేరు చదివి డాక్టరమ్మే ముందు నవ్వారు.

ధైర్యం చెప్పే పేర్ల సంగతి వేరు. శుభం, ఆనంద్, స్మైల్ లాంటివి. వీటిని పరీక్షించడానికి నేను ల్యాబులకీ ఆసుపత్రులకీ ఎప్పుడూ చేసే పని ఒకటుంది. ఆ పేరు పైన అచ్చువేసి, కింద మూడు రకాల ఉత్తుత్తి రిపోర్టులు తయారుచేస్తాను. ఒకటి అంతా నార్మల్‌గా ఉన్న రక్త పరీక్ష. రెండోది షుగర్ మూడు నెలల సగటు 11 దాటిన రిపోర్టు. మూడోది క్యాన్సర్ కణాలు కనిపించాయని చెప్పే బయాప్సీ రిపోర్టు. మూడూ బల్లమీద పక్కపక్కన పెట్టి చూస్తాం. బోర్డు మీద పేరు చదివేది ఆరోగ్యంగా ఉండి రోడ్డున పోయేవాడు. ఆ పేరుని చేత్తో పట్టుకుని పదిసార్లు చదివేది మాత్రం మూడో కాగితం అందుకున్న మనిషి. ‘శుభం’ అన్న అక్షరాల కింద ఆ బయాప్సీ రిపోర్టు చూసి డాక్టరమ్మ కాగితం బోర్లా పెట్టేశారు. పైగా మనకి శుభం అంటే సినిమా చివర పడే కార్డు కూడా. నవ్వే పేర్లన్నీ ఆ ఒక్క కాగితంతో పోయాయి.

కచ్చితత్వం చెప్పే మాటల వైపు తిరిగాం. నాకు ముందు ‘గురి’ మీద మనసు పడింది. గురి అంటే బాణం తగలాల్సిన చోటు, గురి అంటే నమ్మకం కూడా. “ఆ డాక్టరు మీద మాకు గురి” అంటాం. రెండక్షరాల్లో రెండు కోరికలూ తీరుతున్నాయి కదా అని ఒక రాత్రంతా సంబరపడ్డాను. పొద్దున్నే పేపరు తెరిస్తే ‘అస్వస్థతకు గురైన విద్యార్థినులు’ అని హెడ్డింగు. ప్రమాదానికి గురి, వ్యాధికి గురి. ఆ మాట ఆసుపత్రి ఛాయల్లోకి రాగానే అర్థం తిరగబడిపోతుంది. గురివింద గింజతో కంసాలులు బంగారం తూచేవారు కదా అనుకుంటే, తన కింద నలుపెరగని గింజగా సామెతకెక్కి కూర్చుంది. బంగారాన్ని గీసి చూసే ‘గీటురాయి’ కూడా రాశాను. మా ఆఫీసులో బొమ్మలు గీసే కుర్రాడు “సార్, కిడ్నీలో రాళ్లకి టెస్టు చేస్తారా అక్కడ?” అన్నాడు. కొట్టేశాను.

‘తేట’ అప్పుడు దొరికింది. పేరు కోసం వెదికేటప్పుడు ఆ పని జరిగే చోట ఓ పూట కూర్చోవడం నాకు అలవాటు. కొత్త యంత్రాలు బిగిస్తున్న రోజున భీమవరం వెళ్లాను. టెక్నీషియన్ రక్తం గొట్టాలని గడ్డకట్టేదాకా నిలబెట్టి, తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి తిప్పాడు. ఆగాక ఒకటి తీసి నా కళ్లముందు పెట్టాడు. అడుగున ముద్దగా ఎర్రటి గడ్డ, పైన లేత పసుపురంగులో మెరుస్తున్న నీరు. దాన్ని వాళ్లు సీరం అంటారు. కొలెస్టరాల్, థైరాయిడ్, క్రియాటినిన్ లాంటివి చాలావరకు ఆ పై నీటిలోనే చూస్తారు. మా అమ్మ మజ్జిగ కుండ మీద తేరిన నీళ్లని మజ్జిగ తేట అనేది. నా నోట్లోంచి “తేట” అని వచ్చేసింది. తేట అంటే స్పష్టం, తేటతెల్లం. మురికి లేదు, రోగం లేదు, రక్తం లేదు, అయినా ల్యాబ్‌లో జరిగే అసలు పనికి అదే పేరు. డాక్టరమ్మకి నాకంటే ఎక్కువ నచ్చింది. గాజు గొట్టంలో తేటనీటి గీత ఉన్న లోగో కూడా గీసేశాం. ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. మామూలుగా లోగో కంటే ముందు ఫోన్ పరీక్ష చేస్తాను. ఈసారి పేరు మీద మోజుతో వరస తప్పాను.

ఫోన్ పరీక్ష అంటే పెద్ద శాస్త్రమేమీ కాదు. సంగతి తెలియని ఇరవై మందికి రోడ్డు మీద నిలబడి ఫోన్ చేస్తాం. “మీ రిపోర్టు ఫలానా ల్యాబ్‌లో తీసుకోండి” అని మామూలు వేగంతో ఒక్కసారే చెబుతాం. ఏమని వినిపించిందో తిరిగి చెప్పమంటాం, తర్వాత వాట్సాప్‌లో పేరు టైపు చేసి పంపమంటాం. జనం ల్యాబ్ పేరుని బోర్డు మీద చదివి కనుక్కునేది తక్కువ. కాంపౌండరు నోటా, పక్కింటివాళ్ల నోటా, ఆటో డ్రైవరు నోటా వింటారు.

ఇరవై మందిలో ఏడుగురికి ‘తేట ల్యాబ్’ ‘తేడా ల్యాబ్’ అని వినిపించింది. ఒక పెద్దాయన కంగారుగా “తేడా ఏంటండీ, రిపోర్టులో ఏమన్నా తేడా వచ్చిందా?” అన్నారు. అక్కడితో నా తేట విరిగిపోయింది. ట, డ ఫోన్లో కలిసిపోతాయి, ముందు దీర్ఘం కూడా ఒకటే. తెలుగులో తేడా అంటే వ్యత్యాసం ఒక్కటే కాదు. తేడా మనిషి, తేడా వ్యవహారం. ల్యాబ్ మీద వేయగల నిందల్లో ఇంతకంటే పెద్దది లేదు. ఇంగ్లిష్ స్పెల్లింగ్ కూడా ఇబ్బందే. మన అలవాటు ప్రకారం రాస్తే Theta అవుతుంది. ఊళ్లో డాక్టర్లు దాన్ని లెక్కల్లో థీటా అని చదువుతారు.

డాక్టరమ్మకి ఈ సంగతి చెప్పడానికి రెండు రోజులు పట్టింది. “ఇరవైలో పదమూడు మంది సరిగ్గానే విన్నారు కదండీ” అన్నారు. తప్పుగా వినిపించని పేరు ఎక్కడా ఉండదని, తప్పుగా విన్నప్పుడు అది ఎక్కడికెళ్లి పడుతుందన్నదే చూడాలని చెప్పాను. తేట జారితే పడేది తేడాలో.

మళ్లీ నోట్‌బుక్ తెరిచాను. పని మొదట్లో, తెలిసిన ఒక ఫిజీషియన్ గారి అనుమతితో ఆయన క్లినిక్ హాల్లో రెండు ఉదయాలు కూర్చుని పేషెంట్లు ల్యాబుల గురించి మాట్లాడుకునే మాటలు రాసుకున్నాను. కచ్చితం అన్న మాట ఒక్కరు కూడా వాడలేదు. మిషన్లు మంచివి అన్నవాళ్లు ఇద్దరున్నారు. మిగతా ఫిర్యాదులన్నీ ఒకటే రకం: ఇక్కడ ఒకటి చెప్పారు, అక్కడ ఒకటి చెప్పారు. ఒక ముసలావిడ కోడలితో అన్న మాట ఉన్నదున్నట్టు రాసుకున్నాను: “ఆళ్ల రిపోర్టుకి ఓ కుదురు లేదే. మొన్న నూటెనబై అన్నారు, ఇయ్యాల నూటయాబై అంటన్నారు.” అప్పుడు దాన్ని ఫిర్యాదుగా రాసుకున్నానే గానీ పేరు అందులోనే ఉందని చూడలేదు.

పేషెంటు దృష్టిలో కచ్చితమంటే అసలు విలువకి ఎంత దగ్గరగా ఉందన్నది కాదు. అసలు విలువ ఎంతో అతనికి తెలిసే దారి లేదు. అతనికి కనిపించేది ఒక్కటే, అంకె నిలకడగా ఉందా ఊగుతోందా అని. ఆ నిలకడకి మన వాడుకలో ఉన్న మాట కుదురు. కుండ దొర్లిపోకుండా కింద పెట్టే చుట్ట కుదురు. నాటిన వరి మొక్క నిలదొక్కుకున్న చోటు కుదురు. డెల్టా రైతులకి చెప్పక్కర్లేని మాట. సూది చూసి మెలికలు తిరిగే పిల్లాడితో తల్లి అనేదీ “కుదురుగా కూర్చో” అనే. కోపం లేదు, భయం లేదు.

ఆ మాట తీసుకుని ల్యాబ్‌కి వెళితే డాక్టరమ్మ ఇంకో సంగతి చూపించారు. రోజూ పొద్దున్నే పేషెంట్ల శాంపిళ్లు పెట్టకముందు, విలువ ముందే తెలిసిన కంట్రోల్ శాంపిల్ ఒకటి యంత్రంలో పెడతారు. వచ్చిన అంకెని లీవీ-జెన్నింగ్స్ చార్టు అనే గీతల కాగితం మీద చుక్కగా పెడతారు. షుగర్ కంట్రోల్‌కి నడిమి విలువ 100, మామూలుగా అటూ ఇటూ ఊగే కొలత, వాళ్ల మాటలో ఎస్‌డీ, 3 అనుకుందాం. చుక్క 94, 106 మధ్య పడితే నిశ్చింత. ఆ హద్దు దాటితే హెచ్చరిక. 91 కిందకో 109 పైకో పోతే ఆ రోజు ఆ పరీక్ష ఆపేసి కారణం వెదకాలి. నెల రోజుల చుక్కలు నడిమి గీతని పట్టుకుని నడిచిన కాగితం చూపించి “దీన్నే కదండీ మీరు కుదురంటున్నది” అన్నారు. నిజానికి నిలకడగా తప్పు చెప్పే యంత్రం కూడా ఉంటుంది, అన్ని అంకెలూ ఒకే మేర ఎక్కువ చూపిస్తూ. అందుకే బయటి నుంచి వచ్చే శాంపిళ్లతో కూడా సరిచూసుకోవాలి. వేలూరు సీఎంసీ వాళ్లు నడిపే అలాంటి కార్యక్రమంలో చేరతానని ఆవిడ ముందే అనుకున్నారు. పేరులో ఉన్నది సగమేనని, మిగతా సగం ఆ పనిలో ఉండాలని ఇద్దరికీ అర్థమైంది.

ముసలావిడ చెప్పిన 180, 150 గురించి కూడా అడిగాను. యంత్రాల దోషమే కానక్కర్లేదన్నారు. తిన్న వేళని బట్టి షుగర్ మారుతుంది. అదిగాక తీసిన రక్తాన్ని వేరుచేయకుండా మామూలు గొట్టంలో వదిలేస్తే అందులోని కణాలు షుగర్‌ని తినేస్తూనే ఉంటాయి, గంటకి సుమారు 5 నుంచి 7 శాతం చొప్పున. పల్లెలో పొద్దున ఏడింటికి తీసిన రక్తం పదింటికి ఊళ్లో ల్యాబ్ చేరేసరికి 126 కాస్తా 105 దగ్గరికి దిగొచ్చు. బూడిదరంగు మూత గొట్టాలు వాడేది అందుకే. కుదురు అని పేరు పెట్టుకుంటే ఈ మూడు గంటలకి కూడా జవాబుదారీ అవ్వాలి. అందుకని రిపోర్టు మీద రక్తం తీసిన టైమూ, పరీక్ష చేసిన టైమూ రెండూ అచ్చువేయిద్దాం అన్నాను. సాఫ్ట్‌వేర్ కుర్రాడు సణిగాడు గానీ చేశాడు.

ఈసారి లోగో జోలికి పోకుండా ముందు ఫోన్లు చేశాం, కొత్త ఇరవై మందికి. పదిహేను మంది సరిగ్గా విన్నారు. నలుగురికి ‘గూడూరు’ అని వినిపించింది. ఒకరికి ‘కుదిరింది’ అని. గూడూరు ఊరి పేరు, దానివల్ల ఎవరికీ నష్టం లేదు. నేను భయపడింది ‘కుదరదు’ అని వినిపిస్తుందేమోనని, అది రాలేదు. ఇంగ్లిష్‌లో Kuduru అని పద్నాలుగు మంది ఒకేలా టైపు చేశారు. మూడు రిపోర్టుల పరీక్ష కూడా మళ్లీ పెట్టాం. బయాప్సీ కాగితం మీద ఆ పేరు నవ్వలేదు, బెదిరించలేదు.

చట్టం సంగతి త్వరగా చెప్పేస్తాను. వైద్య సేవలు ట్రేడ్‌మార్క్‌లో 44వ తరగతి కిందకి వస్తాయి. కచ్చితం, ఖరా, బెస్ట్ లాంటి మాటలు సేవ గుణాన్ని నేరుగా చెబుతాయి కాబట్టి 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం 9వ సెక్షన్ దగ్గరే అభ్యంతరం వచ్చే అవకాశం ఎక్కువ. కుదురు అలా నేరుగా చెప్పదు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో అక్షరాలా, ఉచ్చారణ ప్రకారమూ వెదికాం. తెలుగు లిపిలో దాఖలు చేస్తే ఉచ్చారణా అర్థమూ ఇంగ్లిష్‌లోనో హిందీలోనో జతచేయాలి. వ్యక్తులు ఆన్‌లైన్‌లో వేస్తే ఒక తరగతికి 4,500 రూపాయలు. ఇంత చిన్న ఖర్చు మిగుల్చుకుని తర్వాత బోర్డులు మార్చుకున్నవాళ్లని చాలామందినే చూశాను.

పేరు తర్వాత తోక. ‘డయాగ్నోస్టిక్స్’ పెద్దగా, దర్జాగా ఉంటుంది, ఆవిడకీ అదే ఇష్టం. కానీ మన ఊళ్లలో ఆ మాట చూస్తే స్కానింగూ ఎక్స్‌రే కూడా ఉంటాయనుకుని వస్తారు. ఆవిడ దగ్గర అవి లేవు. వచ్చిన మనిషిని గుమ్మంలోంచి తిప్పి పంపడం కంటే నమ్మకానికి చెరుపు ఏముంది? ‘కుదురు ల్యాబ్’ అన్నాం. కింద చిన్న అక్షరాలతో ‘బ్లడ్, యూరిన్ టెస్టులు’. రక్తం, మూత్రం అని అచ్చతెలుగులో రాస్తే కడుపులో దేవినట్టుంటుంది. బ్లడ్ అంటే ఏమీ అనిపించదు. ఎందుకో నాకూ తెలియదు, తరతరాలుగా ఆసుపత్రి మాటలన్నీ ఇంగ్లిష్‌లోనే విన్నందువల్ల కావచ్చు.

బోర్డు చేసేవాడు తన చొరవతో రెండు అలంకారాలు కలిపి తెచ్చాడు, ఒక మూల ఎర్ర శిలువ, ఇంకో మూల ల్యాబుల పనితీరు చూసి గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీఎల్ సంస్థ గుర్తు. రెండూ తీయించాను. ఎర్ర శిలువ గుర్తుని అనుమతి లేకుండా వాడటం 1960 నాటి జెనీవా కన్వెన్షన్స్ చట్టం ప్రకారం నేరం. వీధివీధినా కనిపిస్తుంది గనక తప్పు కాదనుకుంటారు. ఎన్‌ఏబీఎల్ గుర్తు ఆ గుర్తింపు చేతికొచ్చాకే వాడాలి. ఆవిడ అప్పటికి దరఖాస్తు దశలోనే ఉన్నారు. వచ్చాక కూడా అది ల్యాబ్ మొత్తానికి వర్తించదు, జాబితాలో పేర్కొన్న పరీక్షలకే. పేరులో కచ్చితత్వం గురించి గొంతు చించుకోకపోవడానికి ఇదొక కారణం. ఆ మాట చెప్పాల్సింది ఆ గుర్తింపే.

ల్యాబ్ తెరిచి మూడు నెలలయ్యాక కౌంటరు పుస్తకం తెప్పించుకున్నాను. పేషెంటు పేరు పక్కన, వాళ్లు గుమ్మంలో ల్యాబ్‌ని ఏమని అడిగారో రాయమని రిసెప్షన్ అమ్మాయికి ముందే చెప్పి ఉంచాను. ‘కుదురు ల్యాబ్ ఇదేనా’ అన్నవాళ్లే ఎక్కువ. ‘డాక్టరమ్మ ల్యాబ్’ అన్నవాళ్లూ బాగానే ఉన్నారు. పేరు ఎంత మంచిదైనా మనిషి ముందు రెండో స్థానమే, దానికి నేను నొచ్చుకోలేదు. ‘గూడూరు వాళ్ల ల్యాబ్’ అని రెండు చోట్ల ఉంది. డాక్టరమ్మది గూడూరేమో అనుకున్నారట. ‘తేడా’ అన్న మాట ఎక్కడా లేదు. పేరు వల్ల పేషెంట్లు ఇంతమంది పెరిగారని నేను లెక్క చెప్పలేను. ఆ మూడు నెలల్లోనే ఇద్దరు ఫిజీషియన్లు ఆవిడకి కేసులు పంపడం మొదలుపెట్టారు. ఏది దేనివల్ల వచ్చిందో విడదీయలేం.

ఆ పుస్తకం పంపుతూ ఫోన్‌లో ఆవిడ ఒక సంగతి చెప్పారు. ఒకరోజు పొద్దున షుగర్ కంట్రోల్ హద్దు దాటింది. పరీక్షకి వాడే రసాయనం, అంటే రియేజెంట్, డబ్బా మార్చి మళ్లీ చూసేదాకా షుగర్ రిపోర్టులు ఆపేశారు. రిసెప్షన్ అమ్మాయి హాల్లోకి వచ్చి “ఇవాళ కంట్రోల్ కుదరలేదండి, షుగరు రిపోర్టులు మధ్యాహ్నం ఇస్తాం” అని చెప్పింది. బెంచీ మీద కూర్చున్న పెద్దాయన ఒకరు బోర్డు వైపు చూసి, “పేరేమో కుదురని పెట్టుకున్నారు, పొద్దున్నే కుదరలేదంటన్నారు. సర్లే తల్లీ, కుదిరాకే ఇయ్యి” అని టీ తాగడానికి వెళ్లాడట.